అల్యూమినియంకు యీల్డ్ పాయింట్ కనపడనప్పుడు 0.2 శాతం గీతను ఏ వాలుతో గీయాలి?

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండలో డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరం. 6061-టి6 అల్యూమినియం కడ్డీని (12.5 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. గేజ్ లెంగ్త్) యూటీఎం మీద లాగాం. మైల్డ్ స్టీల్‌కు వచ్చినట్టు యీల్డ్ దగ్గర సూది ఆగలేదు. క్రాస్‌హెడ్ కదలికతో గ్రాఫ్ గీస్తే స్లోప్ 8.6 గిగాపాస్కల్స్ వచ్చింది. పుస్తకంలో 69 ఉంది కదా అని 0.002 దగ్గర నుంచి 69 వాలుతో గీత గీస్తే యీల్డ్ 20 మెగాపాస్కల్స్ వచ్చింది! నా గ్రాఫ్ వాలుతోనే గీస్తే 281. మా సార్ 275 దగ్గర రావాలి అంటున్నారు. ఏది కరెక్ట్? అసలు ఈ 0.2 ఎందుకు?

సమాధానం:

తమ్ముడూ, 20 తప్పు. 281 నిజానికి దగ్గరగా ఉంది, కానీ దాన్ని రిపోర్టులో యీల్డ్ స్ట్రెంత్ అని రాసి సంతకం పెట్టలేం.

నీ 20 ఎలా వచ్చిందో ముందు లెక్క వేసి చూద్దాం. నీ గ్రాఫ్ 8,600 వాలుతో పైకి పోతోంది. నువ్వు గీసిన గీత 0.002 దగ్గర మొదలై 69,000 వాలుతో పోతోంది. గీత అంత నిటారుగా ఉంది కాబట్టి గ్రాఫ్ ఇంకా మొదట్లో ఉండగానే దాన్ని కోసేస్తుంది:

```
69000 × (e − 0.002) = 8600 × e
e = 0.00228,  స్ట్రెస్ = 19.6 MPa
```

అంటే ఆ 20కీ కడ్డీ బలానికీ సంబంధమే లేదు. రెండు వేర్వేరు వాలులున్న గీతలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి, అది ఇక్కడ కలిసింది. కడ్డీ స్థానంలో స్టీల్ పెట్టినా, ఇత్తడి పెట్టినా ఇలాంటి అర్థం లేని అంకె ఏదో వచ్చేది. ఈ 0.2 శాతం ఆఫ్‌సెట్ గీత వాలు ఎప్పుడూ అదే గ్రాఫ్‌లోని వంపు లేని నిటారు భాగం నుంచే రావాలి. పుస్తకంలోని 69 గీయడానికి కాదు. నీ కొలత సరిగ్గా ఉందో లేదో పోల్చి చూసుకోవడానికి.

ఇక 8.6 ఎందుకొచ్చింది? 8,600ను 50తో భాగించి, కడ్డీ అడ్డుకోత వైశాల్యం 122.7 చ.మి.మీ.తో గుణిస్తే నీ గ్రాఫ్ అసలు వాలు తెలుస్తుంది. క్రాస్‌హెడ్ ఒక మి.మీ. కదలడానికి సుమారు 21 కిలోన్యూటన్లు పట్టింది. అలా చూస్తే 33 కిలోన్యూటన్ల దగ్గర క్రాస్‌హెడ్ మొత్తం 1.56 మి.మీ. కదిలింది. కానీ అదే లోడ్‌కు అల్యూమినియం ఎంత సాగాలి? సన్నగా తిప్పిన భాగం పొడవు 60 మి.మీ. అనుకుంటే ఎలాస్టిక్ సాగుడు 0.23 మి.మీ. దాటదు. మిగతా 1.3 మి.మీ. ఎవరిది? గ్రిప్పుల్లో వెడ్జీలు సర్దుకోవడం, లావుగా ఉన్న తలల్లో పళ్లు దిగడం, మిషన్ స్తంభాలు, స్క్రూలు వంగి సాగడం, ఇవన్నీ కలిసి తీసుకున్నాయి. నులక మంచం మీద మనిషి కూర్చుంటే నులక సాగి కిందికి దిగినంతా మంచం కోళ్లే కుంగాయని రాసుకున్నట్టు, నువ్వు మిషన్ సాగిందంతా కడ్డీ ఖాతాలో వేశావు.

మరి అంత తప్పున్న గ్రాఫ్ మీద 281 ఎలా వచ్చింది? ఇక్కడే ఆఫ్‌సెట్ పద్ధతిలోని అసలు కిటుకు ఉంది. ఆ గీత కొలిచేది మొత్తం సాగుడును కాదు. నిటారు గీత నుంచి గ్రాఫ్ కుడివైపుకు ఎంత పక్కకు జరిగిందో దాన్ని మాత్రమే. మిషన్ సాగుడు లోడ్‌కు తగ్గట్టు ఒకే తీరుగా పెరుగుతున్నంత సేపు అది నిటారు గీతలోనే కలిసిపోతుంది. పక్కకు జరిగిన భాగం మాత్రం కడ్డీలో మిగిలిపోయిన సాగుడే. అందుకే నీ సొంత వాలుతో గీసిన గీత దారి తప్పలేదు.

అయితే దాన్ని ఎందుకు నమ్మలేం? 0.2 శాతం అంటే 50 మి.మీ. మీద 0.1 మి.మీ. నీ గ్రాఫ్‌లో ఆ 0.1 మి.మీ.ని 1.56 మి.మీ. పక్కన వెతుకుతున్నావు. వాలు గీసేటప్పుడు 3 శాతం తేడా వచ్చిందనుకో, అది స్కేలు కొంచెం జరిగితేనే వచ్చే తేడా. అప్పుడు గీత పైభాగం 0.047 మి.మీ. జరుగుతుంది. అంటే నువ్వు కొలవాల్సినదాంట్లో దాదాపు సగం. అదే 3 శాతం తప్పు, కడ్డీకే బిగించి దాని సాగుడు మాత్రమే కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ గ్రాఫ్‌లో చేస్తే 0.006 మి.మీ. మాత్రమే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ మొత్తం ఎలాస్టిక్ సాగుడే 0.2 మి.మీ. లోపు. పైగా ప్లాస్టిక్ సాగుడు 50లో మాత్రమే కాకుండా సన్నగా తిప్పిన 60 మి.మీ. అంతటా వస్తుంది కాబట్టి, క్రాస్‌హెడ్ గ్రాఫ్ మీద గీయాల్సింది 0.1 కాదు, 0.12. నువ్వు 0.1 వాడితే జవాబు కొద్దిగా తగ్గాలి. అయినా నీకు ఎక్కువే వచ్చింది. బహుశా మొదట్లో గ్రిప్పులు సర్దుకున్న వంపును కూడా కలుపుకొని వాలు తీసుంటావు. అప్పుడు గీత కుడికి వాలిపోయి గ్రాఫ్‌ను ఇంకా పైన కోస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుని 281 మిగిలింది.

0.2 ఎందుకన్నావు. మైల్డ్ స్టీల్‌లో కార్బన్, నైట్రోజన్ పరమాణువులు స్ఫటికంలోని డిస్‌లొకేషన్లను పట్టుకొని కూర్చుంటాయి. వాటిని విడిపించడానికి ఎక్కువ బలం కావాలి. విడిపోయాక తక్కువ బలానికే కదులుతాయి. సూది ఆగడం, కొద్దిగా వెనక్కి రావడం అందుకే. 6061లో అలాంటి తాళం లేదు. మెగ్నీషియం, సిలికాన్ కలిసిన సన్నని రేణువులు అడ్డుపడతాయి గానీ, ఒక్కసారిగా విడిపోయే తీరులో కాదు. ఒక గింజలో ముందు, పక్క గింజలో తరువాత కదలిక మొదలై గ్రాఫ్ మెల్లగా వంగుతుంది. (అన్ని అల్యూమినియాలూ ఇంతే అనుకోకు. అనీల్ చేసిన అల్యూమినియం-మెగ్నీషియం షీట్లలో చిన్న యీల్డ్ మెట్టు కనపడుతుంది.) ఇది ఇక్కడ మొదలైంది అని చూపించగల బిందువు లేనప్పుడు అందరూ ఒకే గుర్తుకు ఒప్పుకోవాలి. ఆ గుర్తు 0.2 శాతం. అది ప్రకృతి పెట్టింది కాదు, మనం పెట్టుకున్నది. లోడ్ తీసేస్తే 50 మి.మీ. గేజ్ దాదాపు 50.1 మి.మీ.గా మిగిలిపోయే స్ట్రెస్ అని అర్థం. అందుకే ఐఎస్ 1608 దీన్ని ప్రూఫ్ స్ట్రెంత్ అంటుంది, `Rp0.2` అని రాస్తుంది.

ఇప్పుడు సరైన పద్ధతిలో ఒక లెక్క. నీ సైజు కడ్డీయే, 50 మి.మీ. ఎక్స్‌టెన్సోమీటర్ బిగించి తీసినవి ఈ రీడింగులు.

| సాగుడు (మి.మీ.) | లోడ్ (కిలోన్యూటన్లు) |
|---|---|
| 0.041 | 5 |
| 0.069 | 10 |
| 0.099 | 15 |
| 0.128 | 20 |
| 0.158 | 25 |
| 0.202 | 30 |
| 0.244 | 32 |
| 0.280 | 33 |
| 0.341 | 34 |

ముందు నిటారు భాగం ఎంచుకో. మొదటి రీడింగును వదిలేశాను, అక్కడ కడ్డీని పట్టుకునే ఎక్స్‌టెన్సోమీటర్ కత్తి అంచులు ఇంకా కుదురుకుంటూ ఉండొచ్చు. 10 నుంచి 25 వరకు ప్రతి 5 కిలోన్యూటన్లకు 0.030, 0.029, 0.030 మి.మీ. పెరిగింది. 25 నుంచి 30కి వచ్చేసరికి 0.044 అయింది, అంటే వంపు మొదలైపోయింది. కాబట్టి వాలు 10 నుంచి 25 వరకే తీయాలి. 30ని కూడా కలిపితే వాలు తగ్గిపోతుంది, జవాబు ఊరికే పెరుగుతుంది.

ఆ నాలుగు బిందువుల గుండా సరిపోయే గీత వాలు మి.మీ.కు 168.9 కిలోన్యూటన్లు. దీన్ని 50తో గుణించి 122.7తో భాగిస్తే 68.8 గిగాపాస్కల్స్. పుస్తకంలోని 69 పని ఇక్కడ: ఎక్స్‌టెన్సోమీటర్ సరిగ్గా కూర్చుందని చెప్పే సాక్ష్యం. ఇది 60 వచ్చినా, 80 వచ్చినా ముందుకు పోకుండా ఆగాలి. కత్తి అంచు జారుతోందా, గేజ్ లెంగ్త్ పిన్ను తీయడం మరిచామా, కడ్డీ వంకరగా లాగుతోందా చూడాలి. ఎక్స్‌టెన్సోమీటర్ ఒకవైపు మాత్రమే బిగించేదైతే వంకర ప్రభావం ఎక్కువగా కనపడుతుంది. తిప్పి రెండోవైపు పెట్టి, 100 మెగాపాస్కల్స్ లోపు ఇంకోసారి లాగి చూస్తే తెలిసిపోతుంది. ఆ స్ట్రెస్‌కు టి6 కడ్డీకి ఏమీ కాదు.

తరువాత ఈ గీతను కిందికి పొడిగించు. అది సున్నా దగ్గర కాకుండా 0.010 మి.మీ. దగ్గర అడుగు రేఖను తాకుతుంది. అసలు సున్నా అదే. ఆఫ్‌సెట్ గీత 0.100 నుంచి కాకుండా 0.110 నుంచి మొదలవ్వాలి. ఎక్స్‌టెన్సోమీటర్‌తో ఈ సవరణ మరిచినా జవాబు ఒకటి రెండు మెగాపాస్కల్స్ మారుతుంది, అంతే. క్రాస్‌హెడ్ గ్రాఫ్‌లో మొదటి వంపు అర మి.మీ. ఉండొచ్చు. అక్కడ మరిస్తే గీత గ్రాఫ్ నిటారు భాగానికి ఎడమవైపే పడి, వంపు దగ్గరకు చేరకముందే కోసేస్తుంది, లేదా అసలు కోయదు.

గ్రాఫ్ కాగితం మీద సెట్‌స్క్వేర్ జరపడం కంటే ఎక్సెల్‌లో చేస్తే వాలు కంటితో ఎంచుకునే తగాదా ఉండదు. సాగుడు A కాలమ్‌లో, లోడ్ B కాలమ్‌లో, రెండో వరుస నుంచి వేసుకో:

```
E1: =SLOPE(B3:B6,A3:A6)
E2: =-INTERCEPT(B3:B6,A3:A6)/E1
C2: =A2-$E$2-B2/$E$1-0.1
```

సి కాలమ్ సూత్రాన్ని కిందికి లాగు. అది చెప్పేది ఇంతే: మిగిలిపోయే సాగుడు 0.1 మి.మీ.కి ఇంకా ఎంత దూరంలో ఉంది. నిటారు భాగంలో అది −0.1 దగ్గరే నిలవాలి. నువ్వు ఎంచుకున్న వరుసల్లో అది మెల్లగా జరుగుతూ ఉంటే నీ ఎంపిక తప్పు, వాటిని మార్చు. మన రీడింగుల్లో 33 కిలోన్యూటన్ల దగ్గర −0.025, 34 దగ్గర +0.030 వస్తుంది. మధ్యలో ఎక్కడో సున్నా దాటింది. ఆ నిష్పత్తిలో పంచితే 33.46 కిలోన్యూటన్లు. వైశాల్యంతో భాగిస్తే 273 మెగాపాస్కల్స్. 33 దాటాక రీడింగులు ఇంకొంచెం దగ్గర దగ్గరగా తీస్తే ఈ పంచుడు మీద ఆధారపడే పని తగ్గుతుంది.

మీ సార్ చెప్పిన 275 గురించి ఒక మాట. పట్టికల్లో 6061-టి6కు 276 అని కనపడేది సాధారణంగా వచ్చే విలువ. ఎక్స్‌ట్రూజన్ కడ్డీని పాస్ చేయడానికి ఏఎస్‌టీఎం బి221 అడిగే కనీసం 240. కాబట్టి 260 వచ్చిందని నీ కడ్డీ ఫెయిల్ అయినట్టు కాదు, 275 రాలేదని గీతను జరపాల్సిన పని అంతకంటే లేదు. ఇంకోటి, కడ్డీని ఎక్కడ కొన్నారో కనుక్కో. వరంగల్ హార్డ్‌వేర్ షాపుల్లో కిటికీ ఫ్రేములకు దొరికే సరుకు చాలావరకు 6063 రకం, టెంపర్ కాగితం అడిగితే నవ్వుతారు. దానికి 150, 200 మధ్య వచ్చినా ఆశ్చర్యం లేదు. వాలు మాత్రం అక్కడా 69 దగ్గరే ఉంటుంది. అల్యూమినియంను ఎంత గట్టిపరిచినా ఆ వాలు పెద్దగా మారదు. అందుకే వాలు కొలతకు సాక్ష్యం చెప్తుంది గానీ సరుకు ఏదో చెప్పదు.

లోడ్ వేగం గురించి కొద్దిగా. ఎలాస్టిక్ భాగంలో సెకనుకు 2 నుంచి 20 మెగాపాస్కల్స్ మధ్య పెంచాలని ఐఎస్ 1608 అల్యూమినియంలాంటి తక్కువ వాలు లోహాలకు చెప్తుంది. నీ కడ్డీకి అది సెకనుకు పావు నుంచి రెండున్నర కిలోన్యూటన్ల వరకు. చేతి వాల్వు మిషన్ అయితే పావు, అర మధ్య ఉంచు, లేకపోతే రీడింగు రాసేవాడు అందుకోలేడు. టెస్టు గది ఉష్ణోగ్రత 10, 35 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన రేకుల షెడ్డు ల్యాబుల్లో మధ్యాహ్నం అది కుదరని పని. బలం పెద్దగా మారదు గానీ, నీడలోంచి తెచ్చిన కడ్డీ వేడెక్కుతూ ఉంటే 50 మి.మీ. మీద ప్రతి డిగ్రీకి 0.001 మి.మీ. పైన దానంతటదే పెరుగుతుంది. నీ 0.1లో అది ఒక శాతం. కడ్డీని మిషన్ పక్కన ముందుగా ఓ గంట ఉంచి, పొద్దున్నే లాగేయడం మంచిది.

టి6లో నిటారు భాగం పొడవుగా ఉంటుంది కాబట్టి ఈ కథంతా తేలికగా నడిచింది. అనీల్ చేసిన మెత్తటి అల్యూమినియంతో చేస్తే దాదాపు మొదటి నుంచే వంపు ఉంటుంది. ఏ నాలుగు బిందువులు ఎంచుకున్నా వేరే వాలు వస్తుంది. అప్పుడు చేసేది ఇది: ప్రూఫ్ స్ట్రెంత్ దాటిందనుకున్న చోటు దాకా లాగి, లోడ్‌ను ఆ లోడ్‌లో పదో వంతుకు దించి, మళ్లీ మొదటి లోడ్ దాటేలా లాగాలి. దిగిన దారి, ఎక్కిన దారి కలిసి సన్నని ఉచ్చులా కనపడతాయి. ఆ ఉచ్చు మధ్యగా గీసిన గీత వాలే నీ వాలు. దానికి సమాంతరంగా, సవరించిన సున్నా నుంచి 0.1 మి.మీ. జరిపి గీయాలి. లోడ్ దించేటప్పుడు లోహం ఎలాస్టిక్‌గానే వెనక్కి వస్తుంది కాబట్టి ఆ వాలులో గందరగోళం తక్కువ. ఇక్కడ కూడా 69 దగ్గర వచ్చిందో లేదో చూసుకో.

ఇదే కిటుకు టి6 మీద నీ జవాబును సరిచూడటానికీ పనికొస్తుంది. ఇంకో కడ్డీని 33.5 కిలోన్యూటన్ల దాకా లాగి, మెల్లగా లోడ్ దించి ఎక్స్‌టెన్సోమీటర్ చూడు. 0.110 దగ్గర ఆగితే (0.010 పాత సున్నా పోగా 0.1) నీ గీత సరైనదే. 0.06 దగ్గరో 0.2 దగ్గరో ఆగితే గీతలోనో, గ్రిప్పులోనో, కత్తి అంచులోనో తేడా ఉంది. కత్తి అంచు జారితే గ్రాఫ్‌లో లోడ్ మారకుండా సాగుడు ఒక్కసారిగా గెంతినట్టు చిన్న మెట్టు కనపడుతుంది. దాన్ని యీల్డ్ పాయింట్ అని మురిసిపోయినవాళ్లను చూశాను. ఇంకో జాగ్రత్త, సాగుడు 0.5 మి.మీ. దాటాక ఎక్స్‌టెన్సోమీటర్ తీసేయండి. కడ్డీ తెగేదాకా ఉంచితే ఆ దెబ్బకు పరికరం పాడైపోతుంది, దాని ధర మీ ల్యాబు బడ్జెట్‌లో ఉండదు.

మీ కాలేజీలో ఎక్స్‌టెన్సోమీటర్ లేదంటే, ఉన్న గ్రాఫ్‌నే వాడు. మొదటి వంపును వదిలి నిటారు భాగం వాలు తీయి, గీతను అడుగు దాకా పొడిగించి అక్కడి నుంచి 0.12 మి.మీ. జరుపు (మీ కడ్డీ సన్నని భాగం 60 కాకపోతే దాని పొడవును 0.002తో గుణించు). వచ్చిన అంకె పక్కన "క్రాస్‌హెడ్ కదలిక నుంచి అంచనా" అని రాయి, `Rp0.2` అని రాయొద్దు. 8.6 గిగాపాస్కల్స్‌ను అల్యూమినియం ఎలాస్టిక్ మాడ్యులస్ అని ఎక్కడా రాయకు, వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఎక్స్‌టెన్సోమీటర్ దొరికితే మాత్రం రికార్డులో దాని గేజ్ లెంగ్త్, క్లాసు (ప్రూఫ్ స్ట్రెంత్‌కు క్లాసు 1 లేదా అంతకంటే మంచిది కావాలి), వాలు తీసిన లోడ్ హద్దులు, వచ్చిన వాలు, చివరగా 273 అని పూర్ణాంకంలో రాయి. 272.7 అని రాస్తే ఆ దశాంశానికి మన దగ్గర ఆధారం లేదు.